బుల్లెట్ పొడుగు, బ్యారెల్ మెలిక: 1:12 బ్యారెల్‌లో పచ్చ మూతి తూటా ఎందుకు అడ్డం తిరిగింది
(డాలస్‌లో వారాంతాల్లో రేంజ్‌కి వెళ్ళే తెలుగు మిత్రుల మధ్య చేసిన ప్రసంగం, రికార్డింగ్ నుంచి రాసింది)

అందరికీ నమస్కారం. వెనక కూర్చున్నవాళ్ళకి వినపడుతోందా? సరే. ముందు ఈ కాగితం చూడండి, నేను పట్టుకుని అలా తిరుగుతాను, దగ్గరగా చూడండి. ఇది నా టార్గెట్ పేపరే, వంద గజాల దూరంలో పెట్టి కాల్చింది. ఇక్కడ మధ్యలో గుండ్రంగా, పంచింగ్ మెషీన్‌తో కొట్టినట్టు బొక్కలు ఉన్నాయి కదా, అవి 55 గ్రెయిన్ల బరువుండే మామూలు బుల్లెట్లవి. ఇప్పుడు కింద ఎడమ పక్క చూడండి, ఇక్కడ బొక్క లేదు, చీలిక ఉంది. స్కేలు పెట్టి కొలిచా, దగ్గర దగ్గర 23 మిల్లీమీటర్లు. ఒక పక్క సన్నగా మొదలై ఇంకో పక్క వెడల్పుగా ఆగింది, అంటే బుల్లెట్ బొమ్మ గీసినట్టు దాని ఆకారం మొత్తం కాగితం మీద పడింది. ముక్కుతో రావాల్సిన బుల్లెట్ అడ్డంగా పడుకుని వచ్చి తగిలింది. దీన్నే ఇక్కడ కీహోల్ అంటారు, పాత తాళం చెవి కన్నంలా ఉంటుందని.

అదే రైఫిల్, అదే రోజు, అదే చెయ్యి. మారింది డబ్బాలో గుళ్ళు మాత్రమే. రెండోసారి పెట్టింది 62 గ్రెయిన్ల పచ్చ మూతి తూటా, మీలో AR-15 రైఫిల్ ఉన్నవాళ్ళందరికీ తెలుసు, మూతికి పచ్చ రంగు వేసి ఉంటుంది, ఆర్మీ పేరు M855. పది కాలిస్తే కాగితం మీద పడ్డవి ఆరు, అందులో నాలుగు అడ్డంగా. నేను అప్పట్లో ఆ బ్యారెల్ సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను, పాత మోడల్ సన్న బ్యారెల్, 20 అంగుళాలది. ఈ కాగితం పట్టుకుని ఒక గన్ షాప్‌కి వెళ్తే అక్కడాయన ఒక్క చూపు చూసి బ్యారెల్ అరిగిపోయింది, పారేసి కొత్తది వేసుకో అన్నాడు. అరిగిపోతే మరి 55 గ్రెయిన్లవి చక్కగా ఎందుకు పడుతున్నాయి అని నేను అడగలేదు ఆ రోజు, ఇంటికొచ్చాక తట్టింది ఆ ప్రశ్న. ఈ రోజు నేను చెప్పేదంతా ఆ ప్రశ్నకి జవాబే.

ట్విస్ట్ రేట్ అంటే ఏంటో ఒక్క ముక్కలో చెప్పేస్తాను, చాలామందికి తెలుసు. బ్యారెల్ లోపల గాడులు మెలి తిరిగి ఉంటాయి, బుల్లెట్ ఆ గాడుల్ని పట్టుకుని తిరుగుతూ బయటికొస్తుంది. 1:12 అంటే 12 అంగుళాలు ముందుకెళ్ళేసరికి ఒక్క చుట్టు తిరుగుతుంది. 1:7 అంటే 7 అంగుళాలకే ఒక చుట్టు. అంటే రెండో అంకె చిన్నదైన కొద్దీ మెలిక గట్టిది, బుల్లెట్ ఎక్కువ స్పీడ్‌గా తిరుగుతుంది. ఎంత స్పీడో ఊహించండి, సెకనుకి 3,100 అడుగులు పోయే బుల్లెట్ 1:7 బ్యారెల్‌లోంచి వస్తే నిమిషానికి మూడు లక్షల పద్దెనిమిది వేల చుట్లు తిరుగుతూ ఉంటుంది. 1:12 లోంచి వస్తే లక్షా ఎనభై ఆరు వేలు. అది కూడా తక్కువేం కాదు, కానీ ఆ పచ్చ మూతి బుల్లెట్‌కి అది చాలలేదు. ఎందుకు చాలలేదు అన్నదే కథ.

బొంగరం ఆడని వాళ్ళు ఇక్కడ ఎవరూ ఉండరనుకుంటా. తాడు చుట్టి విసిరితే నిలబడి తిరుగుతుంది, జోరు తగ్గితే తల ఊపడం మొదలుపెడుతుంది, చివరికి పడిపోతుంది. దాన్ని పడదోసేది భూమి ఆకర్షణ, నిలబెట్టేది తిరుగుడు. బుల్లెట్‌కి కూడా ఇదే గొడవ, కాకపోతే దాన్ని పడదోసేది గాలి. ఎలాగంటే, బుల్లెట్ ముక్కు సూదిగా సన్నగా ఉంటుంది, బరువంతా వెనక ఉంటుంది, కాబట్టి బరువు మధ్యబిందువు వెనక్కి ఉంటుంది. గాలి తోపు మాత్రం దానికంటే ముందు, ముక్కు వైపు పనిచేస్తుంది. ముక్కు కొంచెం పైకి లేచిందనుకోండి, ఎదురుగాలి ఆ ముక్కుని ఇంకా పైకి తోసి మొత్తాన్ని వెనక్కి తిప్పేయాలని చూస్తుంది. బాణం దీనికి సరిగ్గా ఉల్టా, ములికి బరువుగా ముందుంటుంది, ఈకలు వెనకుంటాయి, గాలి ఎప్పుడూ తోకనే వెనక్కి లాగి సరిచేస్తుంది, అందుకే బాణం తిరగకపోయినా నేరుగా పోతుంది. రైఫిల్ బుల్లెట్ అంటే ఈకలు ముందు కట్టిన బాణం అనుకోండి. తిరగడం ఆపితే క్షణం కూడా నేరుగా పోదు.

ఇప్పుడు పొడుగు ఎక్కడ దెబ్బ కొడుతుందో చూద్దాం. అదే లావు, అంటే 5.56 రైఫిల్ కాబట్టి .224 అంగుళాల లావు మార్చలేం, బ్యారెల్ అంతే ఉంది కదా. లావు మారకుండా బుల్లెట్‌ని పొడుగు చేస్తే రెండు జరుగుతాయి. ఒకటి, గాలి తోసే చోటుకీ బరువు మధ్యకీ దూరం పెరుగుతుంది, గడ్డపార పొడుగైతే రాయి తేలిగ్గా లేచినట్టు, పొడుగు బుల్లెట్‌ని పల్టీ కొట్టించడం గాలికి తేలిక. రెండోది, బరువు రెండు చివరలకి దూరంగా పరుచుకుంటుంది కాబట్టి అది ఒకసారి అడ్డంగా ఊగడం మొదలుపెడితే ఆ ఊపుకి జోరు ఎక్కువ, దాన్ని అదుపు చెయ్యడం కష్టం. మరి అదుపు చేసే తిరుగుడు బలం దేన్ని బట్టి వస్తుంది? లావుని బట్టి, బరువుని బట్టి, తిరిగే వేగాన్ని బట్టి. లావు పెరగలేదు. పొట్టిగా పొట్టబొంగరంలా ఉన్నది నెమ్మదిగా తిరిగినా నిలబడుతుంది, పెన్సిల్‌ని బొంగరంలా తిప్పి నిలబెట్టాలంటే ఎంత గట్టిగా తిప్పాలో ఆలోచించండి. అందుకే పొడుగు పెరిగితే మిగిలిన ఒకే ఒక్క దారి ఇంకా జోరుగా తిప్పడం, అంటే మెలిక గట్టిగా ఉన్న బ్యారెల్.

ఇక్కడ ఒక అనుమానం చాలామందికి వస్తుంది, నాకూ వచ్చింది: స్పీడ్ పెంచితే ఎలాగూ ఎక్కువ తిరుగుతుంది కదా, మందు కొంచెం ఎక్కువ పోస్తే సరిపోదా అని. సరిపోదు. వేగం రెట్టింపు చేస్తే తిరుగుడు రెట్టింపవుతుంది నిజమే, దాని అదుపు బలం నాలుగింతలవుతుంది, కానీ గాలి తోపు కూడా నాలుగింతలవుతుంది. రెండూ ఒకదానికొకటి కొట్టేసుకుంటాయి. చివరికి మిగిలే లాభం చాలా కొంచెం. కాబట్టి దయచేసి ఎవరూ ఇంట్లో తూటాలు నింపుకునే రీలోడింగ్‌లో మందు పెంచి దీన్ని సరిచేద్దామని చూడకండి, ఛాంబర్ ప్రెషర్ పెరిగి ప్రమాదం తప్ప ఒరిగేదేం లేదు.

ఈ లెక్క కొత్తదేం కాదు. 1879లో ఇంగ్లండ్‌లో వూలిచ్‌లో లెక్కల ప్రొఫెసర్ ఆల్ఫ్రెడ్ జార్జ్ గ్రీన్‌హిల్ అనే ఆయన ఫిరంగి గుళ్ళ కోసం ఒక సూత్రం ఇచ్చాడు. ఇదిగో స్క్రీన్ మీద:

```
T = C × D² / L
```

T అంటే ఒక చుట్టుకి ఎన్ని అంగుళాలు, D లావు, L పొడుగు, అన్నీ అంగుళాల్లో. C అనేది మామూలు వేగాలకి 150, సెకనుకి 2,800 అడుగులు దాటితే 180 వాడతారు. మీరు గమనించాల్సింది ఏంటంటే ఇందులో బరువు అనే మాటే లేదు! మనం షాప్‌కెళ్ళి 55 గ్రెయిన్లు, 62 గ్రెయిన్లు, 77 గ్రెయిన్లు అని బరువు అడుగుతాం, డబ్బా మీద రాసేది కూడా బరువే, కానీ బ్యారెల్‌కి కావాల్సింది పొడుగు. ఒకే లావు, ఒకే సీసం అయితే బరువు పెరిగితే పొడుగూ పెరుగుతుంది కాబట్టి బరువు చూసి అంచనా వేస్తే మామూలుగా నడిచిపోతుంది. కానీ లోపలి మెటల్ మారిందా, ఆ అంచనా తప్పుతుంది. (గ్రీన్‌హిల్ సూత్రం సీసం గుండు ఉన్న బుల్లెట్ల సాంద్రతకి అమర్చింది అని కూడా గుర్తుంచుకోండి, పూర్తి రాగి బుల్లెట్లకి ఇది కొంచెం తప్పు చెప్తుంది.)

ఇప్పుడు నా కాగితం మీద జరిగింది లెక్క కడదాం, ఫోన్‌లో క్యాలిక్యులేటర్ తీయండి. .224ని .224తో గుణించండి, దాన్ని 180తో గుణించండి, 9.03 వస్తుంది. పాత 55 గ్రెయిన్ల బుల్లెట్, M193, పొడుగు సుమారు .745 అంగుళం. 9.03ని దాంతో భాగిస్తే 12.1. అంటే 1:12 బ్యారెల్ దానికి కుట్టించిన చొక్కాలా సరిపోయింది. ఇప్పుడు పచ్చ మూతి M855, పొడుగు సుమారు .906. భాగిస్తే దాదాపు 10. పదికి ఒక చుట్టు కావాల్సినదాన్ని నేను పన్నెండుకి ఒక చుట్టు తిప్పే బ్యారెల్‌లో పెట్టాను.

చూడండి, బరువు తేడా ఏడు గ్రెయిన్లే, పన్నెండు, పదమూడు శాతం. పొడుగు తేడా ఇరవై రెండు శాతం. ఎందుకు? పచ్చ మూతి బుల్లెట్‌లో ముక్కు కింద ఒక ఉక్కు ముక్క ఉంటుంది, దాని వెనక సీసం. సీసం ఒక ఘన సెంటీమీటర్ 11 గ్రాముల పైన తూగితే ఉక్కు 8 గ్రాములు కూడా తూగదు. తేలిక మెటల్ పెట్టి బరువు నిలబెట్టాలంటే పొడుగు పెంచక తప్పదు. ఇది తెలియక బరువు మాత్రమే చూసి కొన్నవాడు, నాలాగే, 62కి 55కి పెద్ద తేడా ఏముందిలే అనుకుంటాడు.

ఈ పచ్చ మూతి కథ మొత్తం అమెరికన్ ఆర్మీ రైఫిల్ చరిత్రలోనే ఉంది, అది చెప్తాను ఎందుకంటే ప్రతి మెట్టు దగ్గర బుల్లెట్ పొడుగూ గాలీ కలిసి మెలికని మార్చాయి. మొదటి AR-15 రైఫిళ్ళు 1:14 బ్యారెల్‌తో వచ్చాయి. అప్పటి 55 గ్రెయిన్ల బుల్లెట్‌కి మామూలు వాతావరణంలో అది అంచు మీద నడిచేది, నిలిచీ నిలవనట్టు. కానీ మైనస్ 54 సెల్సియస్ లాంటి ఆర్కిటిక్ చలిలో కూడా పని చేయాలి అన్నప్పుడు బుల్లెట్లు ఊగిపోయాయి. చలికీ బుల్లెట్‌కీ ఏంటి సంబంధం అంటే, చల్లగాలి చిక్కగా ఉంటుంది, చిక్కటి గాలి ముక్కుని గట్టిగా తోస్తుంది. అంత చలిలో గాలి మామూలు కంటే ముప్పై శాతం చిక్కగా ఉంటుంది. 1963లో 1:12కి మార్చేశారు.

ఇది మనకెందుకంటే, డాన్ మిల్లర్ అనే ఆయన 2005లో ఇంకా కచ్చితమైన లెక్క ఒకటి ఇచ్చాడు, ఇప్పుడు ఆన్‌లైన్ క్యాలిక్యులేటర్లు చాలావరకు అదే వాడతాయి. అది ఒక స్టెబిలిటీ నంబర్ ఇస్తుంది. 1 కంటే తక్కువ వస్తే పల్టీ ఖాయం, 1 దాటితే నిలుస్తుంది, 1.4 లేదా 1.5 ఉంటే నిశ్చింత. ఆ లెక్కలో M193కి 1:14 బ్యారెల్‌లో, మామూలు వాతావరణంలో, 1 దగ్గరే వస్తుంది, ఆ ఘోరమైన చలిలో 0.75కి పడిపోతుంది. 1:12లో మామూలప్పుడు 1.34, ఆ చలిలో 1.02, అంటే సరిగ్గా గట్టు దాటింది. ఎవరో మొండిగా 12 అని పెట్టలేదు, చలి అడిగినంతే ఇచ్చారు.

తర్వాత 1980లో నాటో దేశాలు బెల్జియం వాళ్ళ SS109 బుల్లెట్‌ని స్టాండర్డ్‌గా తీసుకున్నాయి, దాని అమెరికా రూపమే మన పచ్చ మూతి M855. కొత్త M16A2 రైఫిల్ 1980ల మొదట్లో వచ్చినప్పుడు అందులో మెలిక 1:7. ఇక్కడ మీకు అనుమానం రావాలి, పచ్చ మూతికి గ్రీన్‌హిల్ పది చాలన్నాడు, మిల్లర్ లెక్కలో కూడా 1:9లో 1.5 వస్తుంది, అంటే బ్రహ్మాండంగా సరిపోతుంది, మరి 7 దాకా ఎందుకు వెళ్ళారు? దానికి కారణం ట్రేసర్. రాత్రి పూట మెరుస్తూ పోయే బుల్లెట్, M856. దాని వెనక మందు నింపాలి, ఆ మందు సీసంతో పోలిస్తే దూదిలాంటిది, కాబట్టి బుల్లెట్ సుమారు 1.15 అంగుళాలకి సాగిపోయింది. బరువు మాత్రం 64 గ్రెయిన్లే! పచ్చ మూతి కంటే రెండు గ్రెయిన్లు ఎక్కువ అంతే. ఇప్పుడు 9.03ని 1.15తో భాగించండి. 7.85. అందుకే 1:7. 55, 62, 64 అని బరువులు చూస్తే పెద్ద తేడా కనపడదు, పొడుగులు చూడండి, 19 మిల్లీమీటర్లు, 23, 29. మెలికలు 12, 9 చాలు, 7. ఈ మూడు బుల్లెట్లని పక్కపక్కన నిలబెట్టి చూస్తే చాలు, సూత్రం కూడా అక్కర్లేదు.

నా బ్యారెల్‌లో ఆ రోజు పచ్చ మూతి స్టెబిలిటీ నంబర్ ఎంతో తర్వాత లెక్క కట్టుకున్నా, 0.85. పల్టీ కొట్టడంలో వింతేం లేదు.

ఇంతకీ నా బ్యారెల్ 1:12 అని ఎలా తెలుసుకున్నాను? దాని మీద ముద్ర లేదు. కొత్త బ్యారెళ్ళ మీద 5.56 NATO 1/7 అని కొట్టి ఉంటుంది, పాతవాటి మీద ఉండకపోవచ్చు, అమ్మినవాడు చెప్పిన మాట మీద నమ్మకం పెట్టుకోకండి. పద్ధతి చాలా తేలిక. రైఫిల్ ఖాళీ అని రెండుసార్లు చూసి బోల్ట్ తీసి పక్కన పెట్టండి. హ్యాండిల్ దగ్గర బేరింగ్ ఉండి రాడ్ స్వేచ్ఛగా తిరిగే క్లీనింగ్ రాడ్ తీసుకోండి. దాని చివర గుడ్డ ప్యాచ్ బిగుతుగా, గాడుల్ని పట్టుకునేలా పెట్టండి, వదులుగా ఉంటే జారిపోయి తప్పు అంకె వస్తుంది. రాడ్‌ని కొంచెం లోపలికి తోసి, బయట ఉన్న భాగం మీద జెండాలాగా ఒక టేపు ముక్క అతికించండి, అది పైకి చూసేలా. అక్కడే రాడ్ మీద ఒక గీత పెట్టండి. ఇప్పుడు మెల్లగా తోస్తూ పోతే జెండా తిరుగుతుంది, ఒక పూర్తి చుట్టు తిరిగి మళ్ళీ పైకి వచ్చేసరికి ఆపి ఇంకో గీత. రెండు గీతల మధ్య దూరమే ట్విస్ట్. నాకు మూడుసార్లు కొలిస్తే మూడుసార్లూ పన్నెండు అంగుళాల దగ్గరే వచ్చింది. ఆ క్షణంలో బ్యారెల్ మీద కోపం పోయింది, అది పాతకాలపు బుల్లెట్ కోసం పుట్టిన బ్యారెల్, దాని పని అది చక్కగా చేస్తోంది.

కీహోల్ అంటే పూర్తిగా అడ్డం పడటం ఒక్కటే అనుకోకండి. అంచు మీద ఉన్న బుల్లెట్ పూర్తిగా పల్టీ కొట్టదు, కొంచెం వంగి తగులుతుంది, బొక్క గుండ్రంగా కాకుండా కోడిగుడ్డులా ఉంటుంది, ఒక పక్కన బూడిద రంగు మచ్చ ఎక్కువ రాసి ఉంటుంది. బొక్కలు అలా ఉండి గ్రూప్, అంటే బొక్కలన్నీ పడే గుంపు, కూడా విచ్చుకుపోతుంటే ముందు ట్విస్టునే అనుమానించండి. మొదటిసారి కొత్త బుల్లెట్ పరీక్షిస్తుంటే 25 గజాల నుంచి మొదలుపెట్టండి, పెద్ద కాగితం పెట్టండి. తిరుగుడు చాలని బుల్లెట్ మొదటి నుంచే ఊగుతుంది, ఎందుకంటే దూరం వెళ్ళేకొద్దీ ముందుకు పోయే వేగం త్వరగా తగ్గుతుంది కానీ తిరుగుడు అంత త్వరగా తగ్గదు, కాబట్టి దానికి అన్నిటికంటే కష్టకాలం గొట్టం మూతి దగ్గరే. ఇంకో మాట, ఆగస్టులో ఇక్కడ డాలస్ ఎండలో సరిగ్గా పడిందని జనవరిలో మిన్నెసోటా పోయి అదే పడుతుందనుకోవద్దు, నంబర్ 1.1 దగ్గరుంటే చలి దాన్ని కిందికి లాగేస్తుంది. డెన్వర్‌లాంటి ఎత్తైన ఊళ్ళో గాలి పలచన కాబట్టి అక్కడ ఇంకా తేలిక.

సరే, ప్రశ్నలుంటే అడగండి.

— అన్నా, అలాగైతే అందరూ 1:7 పెట్టేసుకుంటే గొడవే ఉండదు కదా?

చాలామంది పెట్టుకుంటున్నారు కూడా, తప్పేం లేదు. కానీ రెండు ఇబ్బందులు ఉన్నాయి. ఏ బుల్లెట్ కూడా నూటికి నూరుపాళ్ళు సమంగా తయారవదు, జాకెట్, అంటే సీసం మీది తొడుగు, ఒక పక్క వెంట్రుకవాసి మందంగా ఉంటుంది. తిరుగుడు ఎక్కువైన కొద్దీ ఆ చిన్న అసమానం గొట్టం మూతి దాటగానే బుల్లెట్‌ని ఎక్కువ పక్కకి విసురుతుంది. చవక బుల్లెట్లు 1:7లో కంటే 1:9లో బిగుతుగా పడ్డం అందుకే. రెండోది, చిన్న జంతువుల వేటకని పలచటి జాకెట్‌తో చేసే తేలిక బుల్లెట్లు ఉంటాయి కదా, వాటిని గట్టి మెలికలో ఫుల్ స్పీడ్‌తో కాలిస్తే తిరుగుడుకే గాల్లో చిట్లిపోతాయి. టార్గెట్‌కి ఏమీ చేరదు, దారిలో ఒక బూడిదరంగు పొగచార కనపడుతుంది, అంతే. మీరు 55 నుంచి 69 గ్రెయిన్ల సీసం బుల్లెట్లు కాలుస్తారంటే 1:9 గానీ 1:8 గానీ హాయి. 77 గ్రెయిన్ల పొడుగు మ్యాచ్ బుల్లెట్లు కావాలంటే 1:8 లేదా 1:7.

— సర్, మా అబ్బాయి హైదరాబాద్‌లో ఎయిర్ రైఫిల్ నేర్చుకుంటున్నాడు, తర్వాత .22 రైఫిల్‌కి వెళ్తానంటున్నాడు. వాటికీ ఈ లెక్కేనా?

మంచి ప్రశ్నండి. ఎయిర్ రైఫిల్ పెల్లెట్‌ని ఒకసారి అరచేతిలో పెట్టుకుని చూడండి, నడుం సన్నగా ఉండి వెనక లంగాలా విచ్చుకుని లోపల బోలుగా ఉంటుంది. బరువు తలలో ఉంది, గాలి పట్టేది తోకలో. అది నేను చెప్పిన బాణం జాతి, షటిల్ కాక్ లాంటిది. గాలే దాన్ని సరిచేస్తుంది, తిరుగుడు తోడుగా ఉంటుంది, కాబట్టి అక్కడ మీకు ఈ బాధ పెద్దగా ఉండదు.

.22లో మాత్రం ఇదే లెక్క. దాని బ్యారెళ్ళు దాదాపు అన్నీ 1:16, ఎందుకంటే అందరూ వాడే 40 గ్రెయిన్ల బుల్లెట్ పొట్టిది, దానికి అది చాలు. మ్యాచ్ షూటింగ్‌లో వాడేది అదే కాబట్టి మీ అబ్బాయికి ఇబ్బంది రాదు. కానీ మార్కెట్‌లో 60 గ్రెయిన్ల సబ్‌సోనిక్, అంటే శబ్దం కంటే నెమ్మదిగా పోయే, బుల్లెట్ ఒకటి దొరుకుతుంది, అదే లావులో బాగా సాగదీసినది, దాన్ని మామూలు 1:16 రైఫిల్‌లో పెట్టి కాలిస్తే చాలావాటిలో యాభై గజాలకే అడ్డం తిరుగుతుంది. దాన్ని సరిగ్గా కాల్చాలనుకునేవాళ్ళు 1:9 బ్యారెల్ వేయించుకుంటారు.

— మరి మీ పాత బ్యారెల్ ఏం చేశారు?

నా దగ్గరే ఉంది, పారేయలేదు. డబ్బా మూత మీద మార్కర్‌తో "55 మాత్రమే" అని రాసి పెట్టుకున్నా. పోయిన నెల కూడా వంద గజాల్లో రెండున్నర అంగుళాల గ్రూప్ ఇచ్చింది.